క్షేత్ర పుస్తకాలలోని చేతిగీత పటాల ప్రతిలేఖనం: ప్రయోగ మడుల పటం ఒక ఉదాహరణ

పాత క్షేత్ర పుస్తకాలను కంప్యూటరులోనికి ఎక్కించునపుడు పట్టికలు, వాక్యాలు సులభంగానే వచ్చును. చిక్కు చేతిగీత పటాల వద్ద ఏర్పడును. పటం ఉన్నచోట "ఇక్కడ పటం కలదు" అని వ్రాసి వదలివేసినచో, మడుల సంఖ్యల ప్రకారం నమోదైన దిగుబడులు ఏ ఉపచారానికి చెందినవో తెలుసుకొను మార్గం మిగలదు. గుర్తులను ఎత్తి వ్రాసినను, వాటి క్రమం తప్పినచో నష్టం అంతకంటె ఎక్కువ. ఆ తప్పు పైకి కనిపించదు.

ఉదాహరణ

నాలుగు ఉపచారాలు, మూడు పునరావృతాలు గల రాండమైజ్డ్ బ్లాక్ డిజైన్ పటాన్ని ఉదాహరణగా తీసుకొనవచ్చును. మొత్తం పన్నెండు మడులు మూడు వరుసలలో ఉన్నవి. పొలంలో నడచుటకు వీలుగా మడులకు పాము నడక వలె సంఖ్యలు వేయుట పరిపాటి. మొదటి వరుస ఎడమ నుంచి కుడికి 1 నుంచి 4 వరకు సాగును; రెండవ వరుసలో 5వ మడి కుడి చివర మొదలై, 8వ మడి ఎడమ చివర ముగియును; మూడవ వరుస తిరిగి ఎడమ నుంచి మొదలగును. ఈ పటం ప్రతిలేఖనం క్రింది విధంగా ఉండవలెను. చదరపు కుండలీకరణాలలోనివి ప్రతిలేఖకుని మాటలు. మిగిలినవి పటంలోని అక్షరాలు.

[చేతిగీత పటం. గుర్తులు పై నుంచి క్రిందికి, ప్రతి వరుసలో ఎడమ నుంచి కుడికి.]
[పైన, శీర్షిక:] వరి నత్రజని ప్రయోగం
[పై కుడి మూలన, ఎడమవైపు చూపు బాణం:] ఉ
[శీర్షిక క్రింద అడ్డంగా జంట గీతలు, వాటి మధ్య కుడివైపు చూపు బాణం:] కాలువ
[మొదటి వరుస:] ఆర్1 | 1 టి2 | 2 టి4 | 3 టి1 | 4 టి3
[రెండవ వరుస:] ఆర్2 | 8 టి1 | 7 టి4 | 6 టి2 | 5 టి3
[మూడవ వరుస:] ఆర్3 | 9 టి4 | 10 టి3 | 11 [కొట్టివేత: టి1] టి2 | 12 టి1
[క్రింది ఎడమ మూలన, చిన్న వృత్తం:] వేప చెట్టు

క్రమం ఎందుకు ముఖ్యం

రెండవ వరుసలో మడి సంఖ్యలను వదలి ఉపచారాలను మాత్రమే ఎత్తి వ్రాసినచో, తరువాత చదువువారు వాటిని 5, 6, 7, 8 మడులుగా భావింతురు. అప్పుడు 5వ మడికి టి1, 6వ మడికి టి4, 7వ మడికి టి2, 8వ మడికి టి3 అని లెక్క కుదురును. నాలుగూ తప్పే. ప్రతి పునరావృతంలో ప్రతి ఉపచారం ఒక్కమారే రావలెనను నియమంతో సరిచూచినను ఈ తప్పు బయటపడదు, ఏలయనగా నాలుగు ఉపచారాలును ఆ వరుసలోనే ఉన్నవి. కావున ప్రతిలేఖకుడు సంఖ్యలను ఆరోహణ క్రమంలోనికి సర్దరాదు. కంటికి కనిపించు క్రమంలోనే, సంఖ్యను, ఉపచారాన్ని విడదీయకుండా వ్రాయవలెను.

అదే నియమం 11వ మడి విషయంలో ఉపకరించును. కొట్టివేసిన టి1ను అసలు పాఠంగా తీసుకొన్నచో ఆ వరుసలో టి1 రెండుమార్లు వచ్చి, టి2 లేకుండాపోవును. అనగా దిద్దుబాటే సరియైనది. అయినను కొట్టివేతను కూడ నమోదు చేయవలెను; విత్తిన తరువాత మార్పు జరిగినదా అను ప్రశ్న వచ్చినపుడు అదియే ఆధారం.

దిక్కులు, ఊహలు

పటం పైభాగం ఎల్లపుడు ఉత్తరం కాదు. ఈ పటంలో బాణం ఎడమవైపు చూపుచున్నది. కావున కాలువ పొలానికి తూర్పున, వేప చెట్టు వాయవ్య మూలన ఉన్నవి. అయినను వివరణలో "పైన", "ఎడమ" వంటి పుటకు సంబంధించిన మాటలనే వాడి, దిక్కుల నిర్ణయాన్ని చదువరికి వదలుట క్షేమం. బాణం లేని పటంలో దిక్కులను అసలు పేర్కొనరాదు. కాలువలోని బాణం నీటి పారుదలను సూచించవచ్చును. కాని అక్కడ ఆ మాట వ్రాసి లేదు గనుక బాణాన్ని మాత్రమే చెప్పవలెను. స్కేలు లేని పటంలో గీతల పొడవును బట్టి మడుల కొలతలు లెక్కించరాదు. చదువరాని అక్షరం వద్ద [అస్పష్టం] అని వ్రాయవలెను గాని, నియమాన్ని బట్టి పూరించరాదు.

సరిచూచుట

తొలుత గుర్తులను లెక్కించవలెను. ఈ పటంలో శీర్షిక, "ఉ", "కాలువ", "వేప చెట్టు" కలసి నాలుగు. పునరావృత గుర్తులు మూడు. మడి సంఖ్యలు పన్నెండు. ఉపచార గుర్తులు, కొట్టివేసిన దానితో కలిపి, పదమూడు. మొత్తం 32. ప్రతిలేఖనంలోను అన్నియే ఉండవలెను. తరువాత మూలాన్ని చూడని మరొకరు వివరణను మాత్రమే చదివి పటాన్ని తిరిగి గీయవలెను. ఆ పటంలో 5వ మడి 4వ మడికి సరిగా క్రిందనే వచ్చినచో క్రమం నిలిచినట్లే. 1వ మడి క్రిందకు వచ్చినచో వివరణను తిరిగి వ్రాయవలెను.