ఆఫీసు మెయిల్‌లో ముల్లు తీసేయడం ఎలా?

'యాజ్ పర్ మై లాస్ట్ ఈమెయిల్' అనే మాటలో తిట్టు లేదు, తప్పూ లేదు. అయినా చదివేవాళ్లకు "చెప్పింది చదవలేదా?" అన్నట్టే వినపడుతుంది. ఇలాంటి మాటలు ఎక్కువగా రెండో మెయిల్‌లో, అంటే మొదటిదానికి జవాబు రానప్పుడు దొర్లుతాయి. కోపాన్ని నేరుగా చూపలేక మర్యాద మాటల్లో చుట్టి పంపిస్తాం.

ఒక ఉదాహరణ తీసుకుందాం. హైదరాబాద్ కంపెనీ ఒకటి విజయవాడ సప్లయర్ దగ్గర సరుకు కొంది. సరుకు తెలంగాణ ఆఫీసుకే చేరింది కానీ, ఇన్వాయిస్ మాత్రం కంపెనీకి ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న జీఎస్టీ నంబరు మీద, అంటే 37తో మొదలయ్యేదాని మీద వచ్చింది. కావాల్సింది 36తో మొదలయ్యేది. మార్చమని అకౌంట్స్ వాళ్లు 3వ తేదీన రాశారు. జవాబు లేదు. 8వ తేదీన ఈ మెయిల్ వెళ్లింది:

"యాజ్ పర్ మై లాస్ట్ ఈమెయిల్, ఇన్వాయిస్ ఇంకా కరెక్ట్ కాలేదు. ఇది ఫ్రెండ్లీ రిమైండర్. ఈసారైనా మెయిల్ పూర్తిగా చదివి వెంటనే డూ ది నీడ్‌ఫుల్."

సీసీలో సప్లయర్ కంపెనీ యజమాని.

మొదట చేయాల్సింది, ఒక్కో మాటా కొట్టేసి చూడటం. కొట్టేశాక పనికి సంబంధించిన సమాచారం ఏమైనా తగ్గిందా? తగ్గకపోతే ఆ మాట మనిషి గురించి రాసిందే. 'యాజ్ పర్ మై లాస్ట్ ఈమెయిల్' పోయినా ఏమీ తగ్గలేదు. 'ఫ్రెండ్లీ రిమైండర్', 'ఈసారైనా' కూడా అంతే. 'డూ ది నీడ్‌ఫుల్' సంగతి వేరు. మన ఆఫీసుల్లో దానికి ఎవరూ నొచ్చుకోరు కానీ, ఏం చేయాలో అది చెప్పదు. అన్నీ తీసేస్తే చివరికి "ఇన్వాయిస్ కరెక్ట్ కాలేదు" అన్నదొక్కటే మిగిలింది. ఏ ఇన్వాయిస్, ఏం మార్చాలి, ఎప్పటిలోగా అన్నవి లేవు. అవతలి మనిషి మళ్లీ పాత మెయిల్ వెతుక్కోవాలి.

అందుకే రెండో మెట్టులో, తీసేసిన మాటల చోట ఆ సమాచారమే పెట్టాలి. పాత మెయిల్‌లో ఉన్నా సరే, మళ్లీ రాయాలి. తేదీకి కారణం కూడా చెప్పాలి. 'వెంటనే' అంటే మన అసహనమే కనిపిస్తుంది. గడువు ఎందుకో చెబితే అవతలివాళ్లకు పని అర్థమవుతుంది.

"నమస్తే అండీ, గత నెల ఇన్వాయిస్‌లో మా జీఎస్టీ నంబరు 37తో మొదలయ్యేది పడింది. సరుకు తెలంగాణ ఆఫీసుకు వచ్చింది కాబట్టి కింద ఇచ్చిన 36 నంబరు, దాంతోపాటు ఐజీఎస్టీ రావాలి. మార్చిన ఇన్వాయిస్ 10వ తేదీ సాయంత్రానికి అందితే, 11లోగా మీరు వేసే జీఎస్టీఆర్-1లో చేరుతుంది, 14న మా జీఎస్టీఆర్-2బీలో కనిపిస్తుంది. 3వ తేదీ మెయిల్ కింద జతచేశాను. ఇన్వాయిస్‌లు వేరేవాళ్లు చూస్తుంటే ఎవరో చెప్పండి, వాళ్లకే రాస్తాను."

ఆ చివరి వాక్యాన్ని వదిలేయకండి. జవాబు రాకపోవడానికి నిర్లక్ష్యమే కారణం కానక్కర్లేదు. మొదటి మెయిల్ సేల్స్ మనిషికి వెళ్లి, ఇన్వాయిస్ తయారుచేసేవాళ్ల దాకా చేరి ఉండకపోవచ్చు. తప్పు ఎవరిదో తేల్చకుండానే ఆ వాక్యం దారి చూపిస్తుంది.

పంపేముందు సీసీ చూడండి. మాటలన్నీ సరిదిద్ది యజమాని పేరు అలాగే ఉంచితే, ఫిర్యాదు ఇంకా అక్కడే ఉన్నట్టు. ఆయన చేయాల్సిన పని ఏదైనా ఉంటేనే ఆ పేరు ఉండాలి, ఆ పనేమిటో మెయిల్‌లోనే రాయాలి.

కొత్తగా మొదలుపెట్టినవాళ్లు మరోవైపుకు ఒరిగిపోవడం కూడా చూస్తుంటాం. "డిస్టర్బ్ చేస్తున్నందుకు క్షమించండి, వీలైతే చూడగలరా" అని రాసి, గడువు చెప్పడం మానేస్తారు. అప్పుడు నొప్పి ఉండదు, పనీ జరగదు. "10వ తేదీ సాయంత్రానికి కావాలి" అన్న వాక్యం మొరటు కాదు, ధైర్యంగా రాయండి.

అలాగని 'యాజ్ పర్' కనిపించిన చోటల్లా కొట్టేయక్కర్లేదు. "యాజ్ పర్ అగ్రిమెంట్", "యాజ్ పర్ సర్క్యులర్" అన్నప్పుడు వేలు కాగితం వైపు చూపిస్తోంది, మనిషి వైపు కాదు. వివాదం వచ్చేలా ఉండి రికార్డు అవసరమైతే పాత మెయిల్‌ను ప్రస్తావించాల్సిందే. అప్పుడు కూడా "3వ తేదీన ఈ మార్పు అడిగాం, 8న మళ్లీ రాశాం" అని తేదీలు రాస్తే చాలు. 'ఎన్నిసార్లు చెప్పినా' అన్న మాట ఆ రికార్డుకు బలమేమీ ఇవ్వదు.

రెండో మెయిల్‌కూ జవాబు రాకపోతే మూడోది రాయకుండా ఫోన్ చేయండి. మాట్లాడాక "ఇప్పుడు అనుకున్నట్టు, 10వ తేదీకి మార్చిన ఇన్వాయిస్ పంపుతారు" అని ఒక్క ముక్క మెయిల్‌లో పెట్టండి.