మధ్యగతం: ముందు వరుస, తర్వాతే లెక్క

12, 7, 9, 15, 10, 7, 18, 7 రాశులకు మధ్యగతం ఎంత? ఇచ్చిన వరుసలోనే నడిమి రెండు సంఖ్యలు 15, 10 తీసుకుంటే 12.5 వస్తుంది. ఆప్షన్లలో అదీ ఉంటుంది, తొందరపడేవారి కోసమే!

ముందు ఆరోహణ క్రమంలో రాయాలి: 7, 7, 7, 9, 10, 12, 15, 18. రాయగానే ఎనిమిదీ వచ్చాయో లేదో లెక్కపెట్టండి. మళ్లీ మళ్లీ వచ్చే 7లలో ఒకటి జారిపోవడం మామూలే. రాశుల సంఖ్య సరిసంఖ్య కాబట్టి 4వ, 5వ రాశుల సగటు, అంటే 9.5, మధ్యగతం. అది దత్తాంశంలో లేని సంఖ్యయినా ఫర్వాలేదు. బేసి సంఖ్యలో ఉంటే నడిమి రాశే జవాబు.

బాహుళకం 7. అది ఎన్నిసార్లు వచ్చిందో చెప్పే 3 కాదు. వ్యాప్తి 18 − 7 = 11.

అసలు మెలిక తర్వాతి ప్రశ్నలో ఉంటుంది. ప్రతి రాశికి 5 కలిపితే మధ్యగతం 14.5, బాహుళకం 12 అవుతాయి. వ్యాప్తి మాత్రం 11 గానే ఉంటుంది, ఎందుకంటే రెండు కొసలూ సమానంగా జరిగాయి. 2తో గుణిస్తే మూడూ రెట్టింపవుతాయి. 18 బదులు 48 పెడితే వ్యాప్తి ఒక్కటే మారి 41కి చేరుతుంది.