కొత్తమ్మాయిని పరిచయం చేసే ఆ ఒక్క నిమిషం

సోమవారం పొద్దున్నే డిపార్ట్‌మెంట్ మీటింగ్. మన టీమ్‌లో కొత్తగా ఒకమ్మాయి చేరింది. లీడ్‌వి కాబట్టి పరిచయం చెయ్యాల్సింది నువ్వే. ఏం చెప్పాలా అని రాత్రి నుంచీ గుబులుగా ఉంది కదూ? ముందు ఆ టీ తాగు, చెప్తాను. పదిమందిలో లేచి మాట్లాడాలంటే మనందరికీ గొంతు తడారిపోతుంది. అందుకే చాలాసార్లు "ఈవిడ కొత్తగా చేరారు. ఏదమ్మా, నీ గురించి చెప్పు" అని భారం ఆ పిల్ల మీదే పెట్టి కూర్చుంటాం. ఒక్క మొహమైనా తెలియని గదిలో ఆమె మాత్రం ఏం చెప్పుకుంటుంది?

ముందు పేరు సంగతి చూద్దాం. మీటింగ్‌కి పది నిమిషాల ముందు ఆమెని పక్కకి పిలిచి, "నిన్ను ఏమని పిలవమంటావు?" అని అడుగు. మన పేర్లతో వచ్చే చిక్కు నీకు తెలిసిందేగా! ఆధార్‌లో 'వెంకట నాగలక్ష్మి' అని ఉందనుకో. ఇంట్లో, కాలేజీలో అందరికీ ఆమె నాగలక్ష్మే. ఆఫీసు మెయిల్లో మాత్రం మొదటి మాట ముందు కనబడుతుంది. అది చూసి మనం "ఈవిడ వెంకట" అనేస్తాం. చేరిన రోజే మనల్ని దిద్దడానికి ఆమెకి మొహమాటం. ఇక ఉన్నన్నాళ్లూ వెంకటే అయి కూర్చుంటుంది.

అప్పుడే ఇంకో మాట కూడా అడిగెయ్యి: "నీ గురించి ఏం చెప్పమంటావు, ఏం వద్దంటావు?" పిల్లల కోసం మూడేళ్లు ఉద్యోగం మానేసి వచ్చి ఉండొచ్చు. అది చెప్పుకోవాలని ఉంటే, తనకి చనువు కుదిరినప్పుడు తనే చెప్పుకుంటుంది. పెళ్లి, పిల్లలు, పాత ఉద్యోగం ఎందుకు మానేసింది, ఇవేవీ నలుగురిలో మనం విప్పాల్సినవి కావు.

"మరి నాలుగు మంచి మాటలు చెప్పకపోతే వెలితిగా ఉండదా అక్కా?" అంటావేమో. ఉండదు. "ఈవిడ వచ్చేశారు, ఇక మన కష్టాలు తీరినట్టే" అన్నామనుకో, ఏళ్లుగా చాకిరీ చేస్తున్నవాళ్లకి చురుక్కుమంటుంది. ఆమెకేమో మోయలేని బరువు. నా మొదటి ఉద్యోగంలో నన్ను "మానేసినావిడ బదులు వచ్చిన అమ్మాయి" అని పరిచయం చేశారు. ఆ తర్వాత ఏ ఫైలు పట్టుకున్నా "ఆవిడైతే ఇలా చేసేది" అన్న మాటే వినిపించేది. అందుకే పొగడ్తా వద్దు, పోలికా వద్దు.

మరి చెప్పాల్సిందేమిటి? ఆమె ఇదివరకు ఏ పని చూసింది, ఇక్కడ ఏం చూస్తుంది, ఎప్పటి నుంచి చూస్తుంది, అందాకా ఎవరి దగ్గర నేర్చుకుంటుంది. అంతే. మనది అకౌంట్స్ విభాగం అనుకుందాం. ఇవాళ పదో తేదీ. ఇలా చెప్పు:

"అందరికీ నమస్కారం. ఈవిడ నాగలక్ష్మిగారు. ఇదివరకు రెండేళ్లు ఒక మందుల డిస్ట్రిబ్యూటర్ దగ్గర జీఎస్‌టీ పని చూశారు. మన దగ్గర సప్లయర్ల బిల్లులు చూస్తారు. ఈ నెల 20న 3బి రిటర్ను వేసేదాకా పద్మగారి పక్కన కూర్చుని మన పద్ధతి తెలుసుకుంటారు. వచ్చే నెల 1 నుంచి బిల్లులు నేరుగా నాగలక్ష్మిగారికే పంపండి. అప్పటిదాకా ఎప్పట్లాగే పద్మగారికి."

చూశావా, నిమిషం కూడా పట్టలేదు. ఇందులో తేదీయే ప్రాణం. అది చెప్పకపోతే ఆ మధ్యాహ్నానికే బిల్లులు సగం ఈమెకి, సగం పద్మగారికి వెళ్తాయి. ఎవరి దగ్గర ఏది ఆగిందో తెలియదు. 20 దాటితే ఆలస్య రుసుము కట్టాల్సింది మనమే. ఇంకోటి, పక్కన కూర్చోబెట్టుకుని నేర్పాలని పద్మగారికి ముందుగానే చెప్పు. ఆ మాట ఆవిడ కూడా మొదటిసారి మీటింగ్‌లోనే వింటే ఎంత నొచ్చుకుంటారు!

ఇంటి నుంచి పనిచేస్తూ స్క్రీన్‌లో ఉన్నవాళ్లని మరచిపోకు. కెమెరా ఆమె వైపు తిప్పి, పేరు నిదానంగా ఇంకోసారి చెప్పు. ఆమె నవ్వి "నమస్తే" అంటే చాలు, ఉపన్యాసం అడగొద్దు.

మన పరిచయం సరిగ్గా కుదిరిందో లేదో ఎలా తెలుస్తుందంటావా? మూడు రోజులాగు. "ఆ కొత్తావిడ ఏం చూస్తారండీ?" అని ఎవరైనా నిన్నే వచ్చి అడిగితే, చెప్పాల్సింది మిగిలిపోయినట్టు. ఫర్వాలేదు, ఆ నాలుగు వాక్యాలూ రాసి అందరికీ మెయిల్ పెట్టెయ్యి.

సరే, పొద్దున్న ఓ పది నిమిషాలు ముందు బయల్దేరు. మీటింగ్ గదిలోకి వెళ్లేముందు ఆమెని పేరు అడగడం మాత్రం మరచిపోకేం!