హెక్టారు లెక్క, ఎకరా పొలం, పక్కనే రొయ్యల చెరువు

కైకలూరు చుట్టుపక్కల ఊళ్లలో దాళ్వా నాట్లు పడి నెల తిరిగేసరికి మందు సీసాల ఫొటోలు ఫోన్లలో తిరగడం మొదలవుతుంది. మొవ్వు ఎండిపోయి, పట్టి లాగితే చేతికి ఊడొచ్చే పిలకలు కనపడగానే రైతు షాపుకి వెళ్తాడు. ఒక సీసా తెచ్చుకుంటాడు. ఇంట్లో ఇంగ్లీషు చదవగలిగిన వాళ్లకో, ఊళ్లో తెలిసిన వాళ్లకో ఫొటో పంపి ‘ట్యాంకుకి ఎంత పొయ్యాలి?’ అని అడుగుతాడు. ఆ ఒక్క ప్రశ్నకి సరైన జవాబు చెప్పాలంటే ఆ ఒక్క ఫొటో సరిపోదు.

మూడు ఫొటోలు అడగండి. మొదటిది సీసా ముందు భాగం. రెండోది తయారీ తేదీ, గడువు తేదీ ఉన్న చోటు. మూడోది సీసాతో పాటు వచ్చే మడత కాగితం. పురుగుమందుల నిబంధనలు (1971) ఆ కాగితం ప్రతి ప్యాకింగులో ఉండాలంటాయి, ప్రాంతీయ భాషలో కూడా ఉండాలంటాయి. అందులో తెలుగు ఉంటుంది కానీ అక్షరాలు చీమ తలకాయంత. కాగితాన్ని బల్ల మీద పరిచి, మడత గీత అంకెల మీద పడకుండా, పట్టిక ఉన్న భాగాన్ని దగ్గర నుంచి తీయమనాలి. సీసా గుండ్రంగా ఉంటుంది, పైన మెరుపు కాగితం. ఎండలో తీస్తే వెలుగు పడి సరిగ్గా దశాంశ బిందువే మాయమవుతుంది. నీడలో తీయించండి. అంకె మసకగా ఉంటే ఊహించొద్దు, ఇంకో ఫొటో అడగండి.

ఇప్పుడు అసలు చదువు. కాండం తొలిచే పురుగుకి ఈ ప్రాంతంలో బాగా వాడే క్లోరాంట్రానిలిప్రోల్‌నే తీసుకుందాం. ముందు పేరు, దాని పక్కన శాతం, ఆ తర్వాత రెండు అక్షరాలు చూడాలి. 18.5 శాతం ఎస్‌సీ అని ఉంటే అది నీళ్లలో కలిపి కొట్టే ద్రవం. 0.4 శాతం జీఆర్ అని ఉంటే అది పొలంలో చల్లే గుళికలు. రెండింట్లోనూ మందు అదే. ఎకరాకి ద్రవమైతే 60 మిల్లీలీటర్లు, గుళికలైతే 4 కిలోలు. పేరొక్కటే చూసి మోతాదు చెబితే ఇక్కడే దెబ్బతింటాం.

తర్వాత పట్టికలో వరి వరుస వెతకాలి. ఒకే మందుకి పది పంటల వరుసలుంటాయి. వేలు కొంచెం జారితే చాలు, వరికి 47 రోజులని చెప్పాల్సింది క్యాబేజీకున్న 3 రోజులు చెప్పేస్తాం, లేదా చెరకుకున్న 208 చెప్పి రైతుని హడలగొడతాం. ఫొటోని పెద్దది చేసి, పంట పేరు నుంచి కుడిపక్కకి కాగితం అంచో, స్కేలో ఆనించి చదవడం మేలు.

వరి వరుసలో అంకెలు ఇలా ఉంటాయి: 30 గ్రాములు, 150 మిల్లీలీటర్లు, 500 లీటర్లు, 47 రోజులు. మొదటి అంకె అసలు మందు బరువు, అది రైతుకి అక్కర్లేదు. కొత్తగా చదివేవాళ్లు ఎక్కువగా దాన్నే పట్టుకుంటారు. మనకి కావాల్సింది రెండోది, సీసాలోంచి కొలిచి పోసేది. అయితే అది హెక్టారుకి. హెక్టారు అంటే దాదాపు రెండున్నర ఎకరాలు. 150ని రెండున్నరతో భాగిస్తే 60 మిల్లీలీటర్లు, 500 లీటర్ల నీళ్లని భాగిస్తే 200 లీటర్లు. ఎకరాకి లెక్క ఇదీ.

ట్యాంకు లెక్కకి ముందు ఎదురు ప్రశ్న వేయాలి: “మీ ట్యాంకు ఎన్ని లీటర్లు బాబాయ్? ఎకరాకి ఎన్ని ట్యాంకులు కొడతారు?” 20 లీటర్ల ట్యాంకుతో పది ట్యాంకులైతే ఒక్కోదానికి 6 మిల్లీలీటర్లు. కానీ చాలామంది ఆరేడు ట్యాంకులతో ఎకరా ముగిస్తారు. ట్యాంకుకి 6 చొప్పున ఆరు ట్యాంకులు కొడితే పొలానికి అందేది 36 మిల్లీలీటర్లే. పురుగు చావదు, మందు నకిలీదంటారు. ఎకరా అయ్యాక 60 మిల్లీలీటర్ల సీసాలో ఇంకా మందు మిగిలిందంటే లెక్క తప్పినట్టే. నీళ్లు తగ్గించేశామని ట్యాంకులో మందు పెంచడం కంటే కాగితం చెప్పినన్ని నీళ్లు కొట్టడమే నయం. పురుగు కాండంలో ఉంటుంది కాబట్టి దుబ్బు బాగా తడవాలి.

ట్యాంకు ట్యాంకుకీ 6 మిల్లీలీటర్లు కొలవడం కష్టం. సులువేమిటంటే, సీసాని బాగా కుదిపి, మొత్తం 60 మిల్లీలీటర్లూ బకెట్‌లో 10 లీటర్ల నీళ్లలో కలపాలి. సీసాని మూడుసార్లు కడిగి ఆ నీళ్లూ అందులోనే పోయాలి. ఆ నీళ్లతో కలిపి పది లీటర్లు దాటకూడదు. ట్యాంకు సగం నింపాక బకెట్ నీళ్లు కలియబెట్టి ఒక లీటరు పోసి, మిగతాది మంచినీళ్లతో నింపుకోవాలి. 16 లీటర్ల ట్యాంకైతే బకెట్‌లో పన్నెండున్నర లీటర్లు చేసుకుంటే ట్యాంకుకి ఒక లీటరన్న లెక్క అలాగే ఉంటుంది. కర్రతో కలపాలి, చేత్తో కాదు.

చేతి తొడుగులు అన్నిటికంటే ముఖ్యం ఈ కలిపే వేళే, ఎందుకంటే మందు చిక్కగా ఉండేది అప్పుడే. కొట్టేటప్పుడు తొడుక్కుని కలిపేటప్పుడు వట్టి చేతులతో ఉండటం తలకిందుల పద్ధతి. రబ్బరు తొడుగులు కావాలి, గుడ్డవి మందుని పీల్చి చర్మానికి అంటిస్తాయి. ముఖానికి చుట్టుకునే తువ్వాలు కథా ఇంతే. తడిసిన కొద్దీ మందు ముక్కు దగ్గరే నిలుస్తుంది. పొడుగు చేతుల చొక్కా, ప్యాంటు, కళ్లద్దాలు, మాస్కు పెట్టుకుని, గాలి వీపు మీదుగా వీచేలా నడవాలి. బూట్లు వేసుకోమని కాగితం అంటుంది. దమ్ము చేసిన వరి బురదలో బూటు దిగబడిపోతుందని రైతు అంటాడు. అతను చెప్పేదీ నిజమే, అందుకే పని కాగానే కాళ్లు సబ్బుతో కడగడం, ఆ బట్టలు విడిగా ఉతకడం గట్టిగా చెప్పాలి. నాజిల్‌ అడ్డుపడితే నోటితో ఊదొద్దు. ఈ మందుకి ప్రత్యేకమైన విరుగుడు లేదు, లక్షణాలను బట్టే చికిత్స. ఎవరికైనా తేడా చేస్తే సీసా, కాగితం ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

47 రోజుల్ని కోత నుంచి వెనక్కి లెక్కించాలి. ఏప్రిల్ 20న కోత అనుకుంటే చివరిసారి కొట్టాల్సింది మార్చి 4 లోపు. ‘ఇంకా 47 రోజులు ఆగాలి’ అని చెబితే ఎవరికీ ఎక్కదు, తేదీ చెబితే గుర్తుంటుంది. ఈనిక తర్వాత తెల్ల కంకులు చూసి సీసా ఫొటో పంపితే జవాబు మోతాదు కాదు, ‘ఇప్పుడు కొట్టొద్దు’ అన్నదే. ఎండిన కంకి ఏ మందుకీ పచ్చబడదు, కోతకి ఉన్న రోజులూ చాలవు.

ఇక సీసా మీది రంగు త్రికోణం. ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ వరుసలో విషం తగ్గుతూ వస్తుంది. ఈ మందుది ఆకుపచ్చ. ఆ రంగు మనుషులకి, పశువులకి ఎంత ప్రమాదమో చెబుతుంది, నీళ్లలోని ప్రాణుల సంగతి చెప్పదు. క్లోరాంట్రానిలిప్రోల్ నీటిలోని వెన్నెముక లేని చిన్న జీవులకి చాలా తక్కువ మోతాదులోనే విషం, రొయ్య ఆ జాతిదే. ఆకుపచ్చ చూసి ధైర్యపడే చోటు కాదు కొల్లేటి కింద పల్లె. ఇక్కడ వరి గట్టు అవతల చేపల చెరువో, రొయ్యల చెరువో ఉంటుంది, తూము నీళ్లు మురుగు కాలువలోకి, అక్కడి నుంచి ఇంకొకరి చెరువులోకి వెళ్తాయి. అందుకని ఫొటో పంపిన వాళ్లని పొలం పక్కన ఏముందో తప్పకుండా అడగండి. చెరువుంటే ఆ గట్టు వైపు కొన్ని సాళ్లు వదిలేసి, గాలి చెరువు మీదకి లేని పూట కొట్టమనాలి. తూము మూసి ఉంచాలి, వాన మబ్బుంటే వాయిదా వేయాలి. ట్యాంకు కడిగిన నీళ్లు బోదెలో కలపకుండా కొట్టిన పొలంలోనే చల్లేయాలి. ఖాళీ సీసాకి అడుగున చిల్లి పెట్టి, నీళ్లకి దూరంగా పూడ్చాలి.