బాబు పోయింది నా పాపం వల్లేనా?

ప్రశ్న: మా నాలుగేళ్ల బాబు జ్వరంతో పోయాడు. నా పూర్వజన్మ పాపమంటున్నారు బంధువులు. దేవుడు మంచివాడైతే ఇలా ఎందుకు చేస్తాడు?
– ఒక తల్లి, శంషాబాద్

జవాబు: అమ్మా, మీ దగ్గర ముచ్చింతల్‌లో 216 అడుగుల విగ్రహమై కూర్చున్న రామానుజులు శ్రీభాష్యంలో ఈ ప్రశ్నే తీసుకున్నారు. దేవుడికి పక్షపాతం, క్రూరత్వం లేవు, ఫలం కర్మను బట్టి, ఆ కర్మకు మొదలు లేదు అన్నారు. అది దేవుడిపై నిందకు సమాధానం. ఏడ్చే తల్లికి వేలు చూపమని కాదు. బైబిల్లో కష్టాలపాలైన యోబుతో అతని స్నేహితులు మీ బంధువుల్లాగే మాట్లాడితే దేవుడు వాళ్లనే తప్పుపట్టాడు. కారణం మాత్రం యోబుకూ చెప్పలేదు. ఇస్లాం కష్టాన్ని పరీక్ష అంటుంది. అయినా పసికొడుకు ఇబ్రహీం పోతే ప్రవక్త కన్నీరు పెట్టారు.

ఎవరైనా పాపమంటే, ‘ఏ పాపమో మీకెలా తెలుసు?’ అని అడగండి. దోషం పోగొడతామని డబ్బడిగేవాళ్లకు పైసా ఇవ్వకండి. రోజుల తరబడి నిద్ర, తిండి లేకపోతే మానసిక వైద్యుణ్ని కలవండి. చచ్చిపోవాలనిపిస్తే వెంటనే టెలిమానస్ 14416కు ఫోన్ చేయండి.