రానూ పోనూ పది రూపాయలు

మాది మార్కాపురం. పద్దెనిమిదో ఏట ఎరువుల కంపెనీలకు గోడ రాతలు రాస్తూ మొదలుపెట్టాను. గిద్దలూరు దాకా రోడ్డు పక్కన సున్నం కొట్టిన గోడ కనిపిస్తే చాలు, నిచ్చెన వేసేవాణ్ణి. తర్వాత హైదరాబాదులో పాతికేళ్ళు హోర్డింగులకు మాటలు రాశాను. ఆమధ్య కరెంటు స్కూటర్ల కంపెనీ ఒకటి, నగరంలో రోజూ ఆఫీసుకి వెళ్ళొచ్చేవాళ్ళకోసం ఏడు మాటల లోపు ప్రకటన రాసివ్వమంది. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలకు పనికొస్తుందని, ఆ బోర్డూ, అంతకుముందు చేసిన ఒక తప్పూ నేర్పినవి రాస్తున్నాను.

1. మాటలు కాదు, అక్షరాలు లెక్కపెట్టండి.

హోర్డింగు మీద ఏడు మాటలు మించకూడదన్నది ఇంగ్లీషు వాళ్ళ లెక్క. వాళ్ళ మాటలు చిన్నవి. 1980లలో హీరో హోండా సీడీ 100 బండికి వచ్చిన 'ఫిల్ ఇట్, షట్ ఇట్, ఫర్గెట్ ఇట్' ఆరు మాటలే. చదివేలోపే నోటికొస్తుంది. మన భాషలో మాటలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. 'వెళ్ళొచ్చేయొచ్చు' అన్నది ఒకే మాట, కానీ అందులో ఐదు అక్షరాలు, మూడు వత్తులు.

కంపెనీ వాళ్ళు ఇంగ్లీషు నుంచి చేయించి పంపిన వాక్యం ఇది: 'నగర ప్రయాణికులకు పర్యావరణహిత విద్యుత్ ద్విచక్ర వాహనం'. మాటలు ఆరే కాబట్టి నియమం దాటలేదు. అక్షరాలు మాత్రం ఇరవై ఐదు, వాటిలో ఐదింటికి వత్తులు. బ్రష్షు పట్టినవాడికి వత్తు ఖరీదు తెలుస్తుంది. బోర్డు మీద మూడడుగుల పట్టీ గీసుకున్నామనుకోండి. వత్తులేని అక్షరం అందులో రెండున్నర అడుగులు నిలబడుతుంది. కింద వత్తుకీ పైన గుడికీ చోటు వదిలితే అసలు అక్షరం అడుగున్నరకు కుంగిపోతుంది. పది అడుగుల దూరానికి అంగుళం ఎత్తు అక్షరం అన్నది మా చేతి లెక్క. రెండు వందల అడుగుల నుంచి చదవాలంటే ఇరవై అంగుళాలు కావాలి, అడుగున్నర చాలదు.

అందుకే తెలుగు హోర్డింగుకు నేను పెట్టుకున్న హద్దు పదిహేను అక్షరాలు. వత్తులు రెండు మించనివ్వను.

2. పలక మీద పరీక్ష పెట్టండి.

కంప్యూటరు తెర మీద ఏ వాక్యమైనా బాగానే ఉంటుంది. అది కంటికి దగ్గరగా ఉంటుంది, కూర్చుని చూస్తాం. రోడ్డు మీద మనిషి బండి నడుపుతూ ఉంటాడు. గంటకు 36 కిలోమీటర్ల వేగంలో సెకనుకు పది మీటర్లు దాటిపోతాడు. అరవై మీటర్ల దూరాన బోర్డు కనిపిస్తే అతని దగ్గర ఉన్నది ఆరు సెకన్లు. ముందు బస్సు, పక్కన ఆటో, కింద గుంత. వాటి మీద నుంచి కళ్ళు ఎత్తి మనకిచ్చేది రెండు మూడు సెకన్లే.

మా ఊరి పలక ఇక్కడ అక్కరకొచ్చింది. ఇరవై అడుగుల బోర్డు అరవై మీటర్ల నుంచి కంటికి ఎంత కనిపిస్తుందో, పది అంగుళాల పలక ఎనిమిది అడుగుల నుంచి దాదాపు అంతే కనిపిస్తుంది. పలకలో సగం ఎత్తే వాడుకుని బలపంతో వాక్యం రాయండి. కంపెనీ పేరుకు చోటు వదలండి. గోడకు ఆనించి, ఎనిమిది అడుగులవతల ఒక మనిషిని నిలబెట్టండి. మూడు లెక్కపెట్టి బోర్లించేయండి. ఏం చదివారో అడగండి. కంపెనీ వాక్యాన్ని మా మనవరాలికి చూపిస్తే 'నగర' అని ఆగిపోయింది. అది ఐదో తరగతి చదువుతోంది, తెలుగు బాగానే చదువుతుంది. తప్పు పిల్లది కాదు.

3. మనిషి రోజూ చేసే లెక్కనే చేసి చూపండి.

ఆఫీసుకి వెళ్ళేవాడు పర్యావరణం గురించి ఆలోచించడని నేననను. కానీ బంకు దగ్గర నిలబడ్డప్పుడు అతని మనసులో ఉన్నది డబ్బు. ఆ లెక్క ముందు కాగితం మీద చేశాను. రోజుకు రానూ పోనూ 30 కిలోమీటర్లు. లీటరుకు 45 కిలోమీటర్లు ఇచ్చే పెట్రోలు స్కూటరుకు, లీటరు వంద దాటిన ఈ రోజుల్లో, డెబ్బై రూపాయల దాకా అవుతుంది. మూడు యూనిట్ల బ్యాటరీ ఉన్న స్కూటరు ఊళ్ళో 90 కిలోమీటర్లు నడుస్తుందనుకుంటే, ఛార్జింగులో పోయేదీ కలిపి మీటరు మీద మూడున్నర యూనిట్లు. ముప్పై కిలోమీటర్లకు 1.2 యూనిట్లు. యూనిట్ ఎనిమిది రూపాయలు వేసినా 9 రూపాయల 60 పైసలు.

ఆ కాగితం కిందే వాక్యం దొరికింది: 'రానూ పోనూ పది రూపాయలు'. నాలుగు మాటలు, పది అక్షరాలు, ఒక్క వత్తూ లేదు. రెండు వరుసల్లో పేరిస్తే బండి బొమ్మకూ కంపెనీ పేరుకూ నాలుగడుగులు మిగిలాయి. ఆటో ఎక్కేటప్పుడు మనం అడిగే మాటే కాబట్టి ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు. మనవరాలు ఒక్క చూపులో చదివేసింది.

4. అంకె రాసే ముందు ఆ అంకె మీద ప్రయాణం చేయండి.

ఇది నా తప్పు నుంచి నేర్చుకున్నది. అంతకుముందు ఇంకో కంపెనీకి 'ఒక్క ఛార్జింగ్, 145 కిలోమీటర్లు' అని రాసిచ్చాను. నగరానికి రాసిన ఆ బోర్డునే మార్కాపురంలోనూ కట్టారు. నగరంలో ఆ అంకె గొప్పగా వినిపిస్తుంది, పరీక్షకు మాత్రం రాదు. ఎవరూ ఒక్క రోజులో అంత తిరగరు. మా వైపు జనం అంకెను ఊళ్ళతో కొలుస్తారు. మార్కాపురం నుంచి గిద్దలూరుకు 60 చిల్లర కిలోమీటర్లు, రానూ పోనూ 120. అయితే 145లో హాయిగా వచ్చేయొచ్చు కదా! ఒక మాస్టారు అలాగే నమ్మి వెళ్ళారు. తిరుగు ప్రయాణంలో కంభం దాటాక బండి ఆగిపోయింది. సామాన్ల ఆటోలో ఎక్కించుకుని రాత్రికి ఇల్లు చేరారు.

145 అబద్ధం కాదు. అది ప్రయోగశాలలో రోలర్ల మీద, నిర్ణయించిన వేగంతో నడిపి కొలిచిన దూరం. ఇద్దరు కూర్చుని, ఎండలో, ఎదురుగాలిలో, యాభై అరవై వేగంతో పోతే వందకు అటూ ఇటుగా వస్తుంది. ఈ సంగతి నాకు తెలుసు, మాస్టారికి తెలియదు. ఆ రాత్రి ఆయన పడ్డ అవస్థకు నా వాక్యమే కారణం. అప్పటినుంచి ఏ కంపెనీకైనా దూరం అంకె రాసేటప్పుడు రోడ్డు మీద వచ్చిందే ఇమ్మంటాను. ఇవ్వకపోతే దూరం ఊసెత్తను.

5. చుక్క గుర్తు పెట్టాల్సి వస్తే వాక్యం మార్చండి.

కింద చీమల్లాంటి అక్షరాలతో షరతులు రాయడం హోర్డింగు మీద దండగ, ఎవరూ చదవలేరు. పైన చెప్పినదాన్ని కింది షరతు కాదనకూడదని ప్రకటనల ప్రమాణాల మండలి నియమం కూడా ఉంది.

6. ఊరు మారితే మాటా మారాలి.

పది రూపాయల వాక్యం హైదరాబాదుకు సరిపోయింది. అదే మార్కాపురంలో కడతామన్నారు, నేను ఒప్పుకోలేదు. మా దగ్గర ఆఫీసుకి పోయొచ్చేవాళ్ళు కొద్దిమంది. పొద్దున పొలం, పది గంటలకు బజారు, సాయంత్రం ఇంకో పని. వాళ్ళ భయం ఖర్చు గురించి కాదు, మధ్యలో బండి ఆగిపోతుందేమోనని. ఇక్కడ కరెంటు స్కూటరును ఈవీ అనరు, ఛార్జింగ్ బండి అంటారు. అందుకని 'పొలం, బజారు, ఇల్లు. ఒకే ఛార్జింగ్' అని రాసిచ్చాను. ఐదు మాటలు. మూడు చోట్లూ కలిపి నలభై కిలోమీటర్లు దాటవని, మా తమ్ముడి కొడుకు బండి మీద వారం రోజులు తిరిగి చూశాకే సంతకం పెట్టాను.