మూడేళ్లా, ఆరేళ్లా? అద్దె ఆఫీసు బ్యాలెన్స్ షీట్‌లోకి వచ్చే లెక్క

కోల్‌కతాకు బదిలీ మీద వచ్చిన మన ఆఫీసర్ల కుటుంబాలకు లీజు అనే మాట కొత్త కాదు. ఇల్లు మనం చూసుకుంటాం, యజమానితో అగ్రిమెంటు బ్యాంకు రాసుకుంటుంది, నెల తిరిగేసరికి అద్దె నేరుగా యజమాని ఖాతాలో పడుతుంది. ఆ అద్దె బ్యాంకు పుస్తకాల్లో ఆ ఏటి ఖర్చు. అంతటితో దాని కథ ముగుస్తుంది. అదే వీధిలో ఒక పెద్ద కంపెనీ ఆఫీసు కోసం ఇలాంటి అగ్రిమెంటే రాసుకుంటే మాత్రం వాళ్ల బ్యాలెన్స్ షీట్‌లో ఒక పక్క ఆస్తి, మరో పక్క అప్పు పుడతాయి.

ఒకే నగరంలో రెండు పద్ధతులు ఎందుకంటే, కంపెనీలకు కొత్త లీజు ప్రమాణం ఇండ్ ఎ.ఎస్. 116 2019 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. బ్యాంకులకు మాత్రం మొత్తం ఇండ్ ఎ.ఎస్. పద్ధతినే, మళ్లీ చెప్పేవరకు, వాయిదా వేస్తున్నట్టు రిజర్వు బ్యాంకు అదే ఏడాది మార్చిలో ప్రకటించింది. అందుకే చౌరంగీలోని వర్జీనియా హౌస్ నుంచి నడిచే ఐ.టి.సి., న్యూ టౌన్‌లోని కోల్ ఇండియా కొత్త పద్ధతిలో లెక్క రాస్తే, ఇక్కడే ప్రధాన కార్యాలయం ఉన్న యూకో బ్యాంకు పాత ఎ.ఎస్. 19 పద్ధతిలోనే రాస్తుంది. మన పుస్తకాల్లో లేకపోయినా మనకు రుణం కోసం వచ్చే కంపెనీల పుస్తకాల్లో ఇది ఉంటుంది. కాబట్టి రుణ విభాగంలో కూర్చున్నవాళ్లకు దీన్ని చదవడం రాక తప్పదు. ఇంట్లో ఎవరైనా సి.ఎ. చదువుతుంటే వాళ్లకూ పనికొస్తుంది.

పాత పద్ధతిలో ఇబ్బంది ఏమిటో ముందు చూద్దాం. ఆఫీసు కొనడానికి అప్పు తీసుకున్న కంపెనీ బ్యాలెన్స్ షీట్‌లో ఆ అప్పు కనబడుతుంది. అదే ఆఫీసును కొన్నేళ్లకు లీజుకు తీసుకుని, మధ్యలో వదిలిపెట్టడానికి వీల్లేదని సంతకం పెట్టిన కంపెనీ కూడా కట్టి తీరవలసిన సొమ్ముకు కట్టుబడినట్టే కదా. కానీ అది నోట్స్‌లో ఒక చిన్న పట్టికగా ఉండిపోయేది. కొత్త ప్రమాణం దాన్ని బయటికి తెచ్చింది. అద్దెదారు సంపాదించింది ఆ స్థలాన్ని కొంతకాలం వాడుకునే హక్కు. దాన్ని రైట్ ఆఫ్ యూజ్ అసెట్ అంటారు. ఇక్కడ వాడుక హక్కు అనుకుందాం. దానికి బదులుగా కట్టవలసింది లీజు బాధ్యత.

ఒక ఉదాహరణతో లెక్క చూద్దాం. ఇది ఊహించిన కంపెనీయే. సాల్ట్ లేక్ సెక్టార్ ఫైవ్‌లో ఒక అంతస్తు తీసుకుంది. మొదటి మూడేళ్లు లాకిన్, అంటే ఆ లోపల ఖాళీ చేసినా అద్దె కట్టాల్సిందే. ఆ తరువాత ఇంకో మూడేళ్లు కొనసాగించుకునే హక్కు అద్దెదారుకు ఉంది. యజమాని కాదనడానికి వీల్లేదు. మొదటి మూడేళ్లు ఏడాదికి 10 లక్షలు, తరువాతి మూడేళ్లకు 15 శాతం పెరిగి 11.5 లక్షలు. నిజానికి అద్దె నెలనెలా కడతారు గానీ, లెక్క తేలిగ్గా ఉండడానికి ఏడాది చివర ఒకేసారి కడతారనుకుందాం. మెయింటెనెన్సు, లిఫ్టు, జనరేటరు ఛార్జీలు ఈ 10 లక్షల్లో లేవు. అవి స్థలానికి కాదు, సేవలకు కట్టేవి. వాటిని మామూలుగా విడదీసి ఏటి ఖర్చుగానే రాస్తారు.

ఇంకొకటి కావాలి, వడ్డీ రేటు. లీజులో దాగి ఉన్న రేటు అద్దెదారుకు సాధారణంగా తెలియదు. అప్పుడు అంతే కాలానికి, ఇలాంటి హామీ మీద, ఇలాంటి ఆస్తి కోసం ఆ కంపెనీకి అప్పు ఎంతకు పుడుతుందో ఆ రేటు వాడాలి. మన కంపెనీకి 10 శాతం అనుకుందాం. లీజు మూడేళ్లేనని తీసుకుంటే ఎక్సెల్‌లో ఒక్క వరుస చాలు:

```
=PV(10%,3,-1000000)
```

జవాబు 24,86,852. మొదటి రోజు ఈ మొత్తం ఆస్తి పక్క వాడుక హక్కుగానూ, అప్పు పక్క లీజు బాధ్యతగానూ నమోదవుతుంది. ఆ రోజు చేతిలోంచి ఒక్క రూపాయి కదలలేదని గమనించండి. బ్రోకరేజీ ఇచ్చి ఉంటే అది ఆస్తికి కలుస్తుంది. ఇక్కడి పాత భవనాల్లో చేరేటప్పుడు ఒకేసారి పుచ్చుకునే సలామీ అనే సొమ్ము ఉంది. తిరిగి రాని సలామీ కూడా ముందే కట్టిన అద్దె కిందకే వస్తుంది కనుక ఆస్తికే కలపాలి. వడ్డీ లేకుండా యజమాని దగ్గర ఉండే సెక్యూరిటీ డిపాజిట్ వేరు. అది తిరిగొచ్చేది. దాని నేటి విలువను డిపాజిట్‌గా చూపించి, మిగిలిన తేడాను వాడుక హక్కుకు కలుపుతారు. మన ఉదాహరణలో ఇవేవీ లేవనుకుందాం.

మొదటి ఏడాది చివర బాధ్యత మీద 10 శాతం వడ్డీ, 2,48,685 రూపాయలు. కట్టిన 10 లక్షల్లో అది పోగా మిగిలిన 7,51,315 అసలుకు జమ. బాధ్యత 17,35,537కి దిగుతుంది. మన హోమ్ లోన్ పట్టిక ఎలా నడుస్తుందో అచ్చం అలాగే. రెండో ఏడాది చివరికి అది 9,09,091, మూడో ఏడాది చివరికి సున్నా. ఆస్తి మాత్రం ఏటా సమానంగా తరుగుతుంది. 24,86,852ని మూడుతో భాగిస్తే ఏటా సుమారు 8,28,951 తరుగుదల. ఇప్పుడు తరుగుదల, వడ్డీ కలిపి చూస్తే మొదటి ఏడాది ఖర్చు 10.78 లక్షలు, రెండో ఏడాది 10.03 లక్షలు, మూడో ఏడాది 9.20 లక్షలు. మొత్తం ఎటు చూసినా 30 లక్షలే. అయితే ఖర్చు ముందు ఏళ్లలో ఎక్కువగా, చివర్లో తక్కువగా పడుతుంది. అద్దె అనే పద్దు లాభనష్టాల ఖాతా నుంచి మాయమై వడ్డీకీ తరుగుదలకీ ముందటి లాభం, అంటే అందరూ ఎబిటా అనేది, ఏటా 10 లక్షలు పెరిగినట్టు కనబడుతుంది. వ్యాపారం ఏమీ బాగుపడలేదు, డబ్బు కూడా అంతే పోయింది. పద్దు మారిందంతే.

ఇంతవరకూ లెక్క. అసలు చిక్కు కాలం దగ్గర ఉంది.

కొనసాగించుకునే హక్కును ఆ కంపెనీ వాడుకోవడం దాదాపు ఖాయమైతే ఆ కాలాన్ని కూడా లీజులో కలపాలంటుంది ప్రమాణం. మన కంపెనీ ఆరేళ్లు ఉంటుందని తీసుకుంటే, తరువాతి మూడేళ్ల 11.5 లక్షల నేటి విలువ మరో 21.49 లక్షలు కలిసి, బాధ్యత 24.87 లక్షల నుంచి 46.36 లక్షలకు చేరుతుంది. (ఆరేళ్ల అప్పుకు రేటు కొంచెం వేరుగా ఉండొచ్చు, పోలిక కోసం అదే రేటు ఉంచాను.) అదే భవనం, అదే కాగితం, అవే సంతకాలు. తేడా అంతా ఒక అభిప్రాయంలో ఉంది.

ఆ అభిప్రాయం దేని మీద ఏర్పడాలి? మేనేజ్‌మెంటు ఉద్దేశం ఏమిటని అడిగితే సరిపోదు, ఉండడానికి ఆర్థికంగా బలమైన కారణం ఉందా అని చూడాలి. కంపెనీ ఆ అంతస్తులో పార్టిషన్లు, ఫాల్స్ సీలింగు, సర్వర్ గది, కేబుళ్ల మీద బోలెడు ఖర్చు పెట్టి ఉంటే మూడేళ్లకే అవన్నీ వదిలేసి పోవడం అసంభవం. పెరిగిన తరువాతి అద్దె కూడా బయటి రేటు కంటే తక్కువే అయితే ఉండిపోవడానికి అది మరో కారణం. నాలుగు గోడలూ కుర్చీలూ తప్ప ఏమీ లేని చిన్న ఆఫీసు అయితే మూడేళ్లన్నది నమ్మదగ్గ మాటే. మొదట మూడేళ్లని రాసి, రెండేళ్లు గడిచాక కంపెనీయే భారీగా ఇంటీరియర్ పని చేయిస్తే ఆ రోజు మళ్లీ ఆలోచించాలి. అప్పటి వడ్డీ రేటుతో బాధ్యతను తిరిగి లెక్కగట్టి, పెరిగిన మేరకు వాడుక హక్కును కూడా పెంచుతారు. ఆ పెరుగుదల లాభనష్టాల్లోకి పోదు.

మన దేశంలో దీనికి తోడు పదకొండు నెలల అగ్రిమెంటు ఒకటుంది. ఏడాదికి మించిన లీజును రిజిస్టరు చేయాలి కాబట్టి పదకొండు నెలలకు రాసుకుని, ఏటేటా తిరగరాస్తుంటారు. పన్నెండు నెలలకు మించని లీజులను బ్యాలెన్స్ షీట్‌లోకి తేనక్కర్లేదని ప్రమాణంలో మినహాయింపు ఉండడంతో కొందరు ఇలాంటివన్నీ అందులో తోసేస్తారు. కాగితం మీద రాసిన నెలలే లెక్క కావని, ఆ కాలం దాటాక ఇరుపక్షాలూ పెద్దగా నష్టం లేకుండా విడిపోగలరా అన్నది చూడాలని 2019 నవంబరులో అంతర్జాతీయ వివరణల కమిటీ స్పష్టం చేసింది. నష్టమంటే అగ్రిమెంటులో రాసిన జరిమానా ఒక్కటే కాదు. వదిలేసి పోవలసిన ఇంటీరియర్ విలువ కూడా నష్టమే. పదకొండు నెలల కాగితంతో పదేళ్లుగా ఒకే చోట, ఖరీదైన ఏర్పాట్ల మధ్య ఉన్న ఆఫీసుకు ఈ మినహాయింపు దక్కడం నా దృష్టిలో కష్టమే.

రుణం కోసం వచ్చిన బ్యాలెన్స్ షీట్‌లో ఇదంతా ఎలా పసిగట్టాలి? ముందుగా ఒక మోటు లెక్క. లీజు బాధ్యతను ఆ ఏడాది లీజులకు కట్టిన మొత్తం నగదుతో భాగించండి. ఆ అంకె నోట్స్‌లో ఉంటుంది. 10 శాతం దగ్గర, మూడేళ్లు మిగిలి ఉంటే జవాబు సుమారు రెండున్నర, ఆరేళ్లుంటే సుమారు 4.4. ఒక్కటి దగ్గర తేలితే కంపెనీ ఏడాదికి మించి అక్కడ ఉండననుకుంటోందన్నమాట. నిజంగానే గడువు ముగింపుకు వచ్చి ఉండవచ్చు కనుక వెంటనే తప్పు పట్టకూడదు. అప్పు, ఈక్విటీ నిష్పత్తిని లీజు బాధ్యత కలిపి ఒకసారి, కలపకుండా ఒకసారి వేసి చూడాలి. మన శాంక్షన్ లెటర్లో అప్పు అన్న మాటకు అర్థం లీజును కలుపుకుని రాశామా లేదా అన్నది కూడా చూసుకోవాలి. లేకపోతే షరతు తప్పారో లేదో మనకూ వాళ్లకూ పొత్తు కుదరదు.

ఆ తరువాత స్థిరాస్తుల పట్టికకు వెళ్లి, అద్దె భవనంలో చేయించిన ఇంటీరియర్ పనులకు ఎన్నేళ్ల తరుగుదల పెట్టారో చూడండి. లీజు మూడేళ్లేనని ఒక నోటులో రాసి, అదే అంతస్తులోని పార్టిషన్లకు, సీలింగుకు ఎనిమిదేళ్ల ఆయుష్షు మరో నోటులో రాస్తే, ఆ రెండూ ఒకేసారి నిజం కాలేవు. ఎనిమిదేళ్లు వాడుకునేట్టయితే లీజు బాధ్యత తక్కువ చూపించారు. మూడేళ్లకే ఖాళీ చేసేట్టయితే తరుగుదల తక్కువ రాసి లాభం ఎక్కువ చూపించారు. ఏది నిజమో కంపెనీనీ, వాళ్ల ఆడిటరునీ రాతపూర్వకంగా అడగాలి.